యాభై దగ్గర నిలబడే దిమ్మె

ఇస్త్రీపెట్టెలోని థర్మోస్టాట్‌కు తెలిసిన పనులు రెండే. వేడి తగ్గితే కరెంటు ఇస్తుంది, పెరిగితే ఆపేస్తుంది. చిన్న లైటు వెలిగి ఆరిన ప్రతిసారీ పెట్టె అడుగు వేడి కొన్ని డిగ్రీలు పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. చొక్కా ఇస్త్రీకి ఆ ఊగుడు పట్టదు. పరీక్ష గొట్టాలను గంటల తరబడి సరిగ్గా 50 డిగ్రీల దగ్గర ఉంచాల్సిన అల్యూమినియం దిమ్మెకు మాత్రం అది పనికిరాదు.

ఈ ఊగుడుకు థర్మోస్టాట్ నాణ్యతతో సంబంధం లేదు. హీటర్‌లో పుట్టిన వేడి లోహం గుండా పాకి సెన్సర్‌ను చేరడానికి కొంత సమయం తీసుకుంటుంది. యాభై వచ్చిందని సెన్సర్ చెప్పి హీటర్‌ను ఆపించినా, అప్పటికే దారిలో ఉన్న వేడి వస్తూనే ఉంటుంది. చల్లారేటప్పుడూ ఇదే ఆలస్యం. ఆన్, ఆఫ్ తప్ప మధ్యలో మరో మెట్టు లేని యంత్రం ఎంత ఖరీదైనదైనా ఈ ఆలస్యానికి లొంగిపోతుంది.

దీనికి విరుగుడు 1922 నాటికే కాగితం మీదికి వచ్చింది. ఓడ దానంతట అదే దారి పట్టి నడవాలంటే చుక్కాని ఎలా తిరగాలో నికొలాస్ మినోర్‌స్కీ ఆ ఏడాది లెక్కగట్టి చూపాడు. ఓడ ఇప్పుడు ఎంత పక్కకు పోయింది, ఎంతసేపటి నుంచి పోతోంది, ఎంత వేగంగా పోతోంది అన్న మూడింటినీ కలిపి చుక్కాని తిప్పాలన్నది దాని సారం. ఇంజనీర్లు ఈ మూడింటినే పి, ఐ, డి అని పిలుస్తారు: ప్రపోర్షనల్, ఇంటిగ్రల్, డెరివేటివ్. ఇప్పుడు చిన్న చిప్పుగా దొరికే ఆప్-ఆంప్ మొదట పేరు తెచ్చుకున్నది అనలాగ్ కంప్యూటర్లలో. వోల్టేజిని హెచ్చించడం, కాలంతో కూడబెట్టడం, మారే వేగాన్ని కొలవడం అక్కడ దాని పనులు. పీఐడీకి కావలసినవీ సరిగ్గా ఇవే. అందుకే ఒక్క లైను ప్రోగ్రాం లేకుండా, రెండు చిప్పులతో ఈ కంట్రోలర్ తయారవుతుంది. కట్టడం ఒక సాయంత్రం పని. మూడింటిలో ఒక్కొక్కదాని బలం ఎంత ఉండాలో తేల్చడంలోనే అసలు విద్య ఉంది. ఆ అంకెలు చిప్పు డేటాషీట్‌లో దొరకవు, వాటిని దిమ్మెనే అడిగి తెలుసుకోవాలి.

దిమ్మె చిన్నదే. 5 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు, ఒకటిన్నర మందం, బరువు సుమారు 80 గ్రాములు. గ్రాము అల్యూమినియం ఒక డిగ్రీ వేడెక్కాలంటే 0.9 జౌళ్లు కావాలి కాబట్టి, దిమ్మె మొత్తం ఒక డిగ్రీ ఎక్కడానికి 72 జౌళ్లు పడుతుంది. ఒక పక్క రంధ్రం వేసి ఎల్‌ఎం35 సెన్సర్‌ను ఎపాక్సీతో అతికిస్తారు. అది డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. దాన్ని ఒక ఆప్-ఆంప్‌తో పదింతలు చేస్తే డిగ్రీకి 100 మిల్లీవోల్టులు, అంటే 50 డిగ్రీలకు 5 వోల్టులు. మల్టీమీటర్‌లో కనిపించే అంకెను పదితో గుణిస్తే వేడి తెలిసిపోతుంది.

హీటర్‌గా పవర్ ట్రాన్సిస్టర్‌నే వాడటం ఇందులో అందమైన ఎత్తు. మామూలు హీటర్ తీగకు ఇచ్చే వోల్టేజిని రెట్టింపు చేస్తే వేడి నాలుగింతలవుతుంది. అలాంటి హీటర్‌తో ఒకచోట కుదిరిన గెయిన్ మరోచోట కుదరదు. దాని బదులు టీఐపీ122 లాంటి ట్రాన్సిస్టర్‌ను మైకా బిళ్ల మీద దిమ్మెకు బిగించి, దాని ఎమిటర్‌లో ఒక ఓమ్ రెసిస్టర్ పెట్టి, ఆ రెసిస్టర్‌ను కూడా అదే దిమ్మెకు బిగిస్తారు. 12 వోల్టుల సరఫరా నుంచి వచ్చే కరెంటు ఈ రెండింటి గుండానే పోతుంది. రెండింట్లో పుట్టే వేడి మొత్తం దిమ్మెకే చేరుతుంది. కాబట్టి వేడి ఎప్పుడూ 12 వోల్టులను కరెంటుతో గుణించినంతే. కరెంటు రెట్టింపైతే వేడీ రెట్టింపు, అంతకు మించి కాదు. కంట్రోలర్ నుంచి 10 వోల్టులు వస్తే ఒక ఆంపియర్ పారేలా అమర్చుకుంటే, కంట్రోల్ వోల్టేజి ఒక్కో వోల్టుకు 1.2 వాట్ల వేడి పుడుతుంది. 1.2 వాట్లను 72 జౌళ్లతో భాగిస్తే సెకనుకు డిగ్రీలో అరవయ్యో వంతు, అంటే వోల్టుకు నిమిషానికి ఒక డిగ్రీ. ఈ అంకె గుర్తుంటే మిగతా లెక్కలన్నీ నోటితోనే అయిపోతాయి.

ఈ పరిమాణంలో ఉన్న దిమ్మె గాలిలో నిలబడి ఉన్నప్పుడు, చుట్టుపక్కల కంటే ప్రతి 15 డిగ్రీల ఎక్కువ వేడికీ ఇంచుమించు ఒక వాటు పోగొట్టుకుంటుంది. గది 30 డిగ్రీలుంటే 50 దగ్గర నిలబడటానికి 1.3 వాట్లు కావాలి. అది కంట్రోల్ వోల్టేజిలో 1.1 వోల్టులు. ఇంత చిన్న అంకె దగ్గర పని చేస్తూ, అవసరమైతే పది వోల్టుల దాకా పోగలగడం కంట్రోలర్‌కు ఉన్న వెసులుబాటు.

పి ఒక్కదాన్నే పెట్టి చూస్తే దాని బలమూ లోటూ వెంటనే బయటపడతాయి. కావలసిన వేడికీ ఉన్న వేడికీ మధ్య తేడాను ఇన్ని రెట్లు చేసి హీటర్‌కు పంపడమే దాని పని. గెయిన్ 10 అనుకుందాం. దిమ్మెకు 1.1 వోల్టులు అందాలంటే 0.11 వోల్టుల తేడా, అంటే ఒక డిగ్రీ పైచిలుకు తేడా మిగిలి ఉండాల్సిందే. తేడా సున్నా అయితే హీటర్‌కు వెళ్లేదీ సున్నా. కాబట్టి దిమ్మె 48.9 దగ్గర ఆగిపోతుంది. గెయిన్‌ను 20 చేస్తే 49.5కు ఎక్కుతుంది. ఫ్యాను వేసి వేడి పోయే దారి పెంచితే మళ్లీ దిగుతుంది. గెయిన్ ఎంత పెంచినా ఈ లోటు చిన్నదవుతుందే తప్ప పూర్తిగా పోదు. ఒక హద్దు దాటి పెంచితే దిమ్మె పాత ఇస్త్రీపెట్టె లాగే ఊగడం మొదలెడుతుంది.

ఆ మిగిలిన లోటును తీర్చేది ఐ. ఇక్కడ ఆప్-ఆంప్ ఫీడ్‌బ్యాక్‌లో రెసిస్టర్ బదులు కెపాసిటర్ ఉంటుంది. తేడా ఎంత చిన్నదైనా సరే, అది ఉన్నంతసేపూ కెపాసిటర్‌లోకి ఛార్జి చేరుతూ అవుట్‌పుట్ మెల్లగా ఎక్కుతుంది. తేడా సున్నా అయినప్పుడు ఎక్కడం ఆగుతుంది గానీ ఎక్కింది దిగదు. అలా నిలబడిపోయిన వోల్టేజే ఈ దిమ్మె విషయంలో 1.1 వోల్టులు. ఫ్యాను వేస్తే అదే మరికొంత ఎక్కి నిలబడుతుంది.

డి చూసేది వేడిని కాదు, వేడి మారే వేగాన్ని. పాలు గిన్నె అంచుకు రాకముందే పొంగు వేగం చూసి మంట తగ్గించే ఇల్లాలి చూపు దానిది. సర్క్యూట్‌లో కెపాసిటర్ ఇన్‌పుట్ వైపుకు మారుతుంది, అంతే. వోల్టేజి కదలనంతసేపూ కెపాసిటర్ ఏమీ పంపదు. ఎంత వేగంగా కదిలితే అంత కరెంటు పంపుతుంది. దిమ్మె యాభై వైపు పరుగెడుతుంటే, ఇంకా రెండు డిగ్రీలు ఉండగానే డి హీటర్‌ను వెనక్కి లాగుతుంది.

ఇక్కడ పాఠ్యపుస్తకంలోని బొమ్మకూ పనిచేసే సర్క్యూట్‌కూ మధ్య పెద్ద తేడా ఒకటి ఉంది. పుస్తకంలో తేడా వోల్టేజి మూడు పాయలుగా చీలి, పి, ఐ, డి మూడూ వేర్వేరు గెయిన్లతో ఉండి చివర కలుస్తాయి. ఈ దిమ్మెకు కావలసిన అంకెలు ముందుగానే చెప్పుకుంటే, పి గెయిన్ 27 దరిదాపుల్లో, డి సమయం 10 సెకన్ల దగ్గర తేలుతాయి. వేరువేరు పాయల పద్ధతిలో డి పాయ ఒక్కటే ఈ రెండింటి లబ్ధాన్ని మోయాలి: 270 సెకన్లు. ఆప్-ఆంప్ భాషలో రెసిస్టర్‌నూ కెపాసిటర్‌నూ గుణిస్తే 270 రావాలి. 10 మెగాఓమ్‌ల రెసిస్టర్ పెట్టినా 27 మైక్రోఫారాడ్‌ల కెపాసిటర్ కావాలి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో అది చవకే గానీ, వాటి లోపలి లీకేజి ఈ సర్క్యూట్‌లో పారే అసలు కరెంటు కంటే ఎక్కువ ఉండొచ్చు. లీకేజి లేని ప్లాస్టిక్ ఫిల్మ్ కెపాసిటర్‌లో 27 మైక్రోఫారాడ్‌లంటే దిమ్మె పక్కన ఇంకో దిమ్మె అంత అవుతుంది.

గెయిన్‌ను ముందుకు తెచ్చుకుంటే ఈ చిక్కు విడిపోతుంది. మొదటి ఆప్-ఆంప్ సెన్సర్ వోల్టేజిని పదింతలు చేస్తుంది. రెండోది అందులోంచి కావలసిన వోల్టేజిని తీసేసి తేడా ఇస్తుంది. మూడోదానికి ఇన్‌పుట్‌లో 10 కిలోఓమ్‌లు, ఫీడ్‌బ్యాక్‌లో 500 కిలోఓమ్‌ల పొటెన్షియోమీటర్. దాన్ని తిప్పుతూ పోతే గెయిన్ సున్నా నుంచి 50 దాకా వస్తుంది. ఇలా హెచ్చిన తేడాయే ఇప్పుడు మూడు పాయలుగా చీలుతుంది. పి పాయ దాన్ని ఉన్నదున్నట్టు పంపుతుంది. ఐ పాయకు 40 సెకన్లు, డి పాయకు 10 సెకన్లు చాలు. 4.7 మైక్రోఫారాడ్‌ల పాలియెస్టర్ కెపాసిటర్లు రెండు తెచ్చుకుంటే, ఒకదానికి 8.2 మెగాఓమ్‌లు జత చేస్తే 38.5 సెకన్లు, మరోదానికి 2.2 మెగాఓమ్‌లు జత చేస్తే 10.3 సెకన్లు. అన్నీ మామూలు పార్టుల దుకాణంలో దొరికేవే. ఇంకో సుఖం ఏమిటంటే, ఒక్క నాబ్ తిప్పితే మూడింటి బలమూ ఒకే నిష్పత్తిలో మారుతుంది.

మూడు పాయలూ తలా 100 కిలోఓమ్‌ల గుండా కూడికల ఆప్-ఆంప్‌లో కలుస్తాయి. ప్రతి మెట్టులోనూ ఆప్-ఆంప్ ప్లస్‌ను మైనస్ చేస్తుంది కాబట్టి గుర్తులు లెక్కపెట్టుకోవాలి. తేడాను 'ఉన్న వేడి మైనస్ కావలసిన వేడి' అని తిరగేసి తీసుకుంటే, గెయిన్ మెట్టులో ఒకసారి, పాయల్లో ఒకసారి, కూడికలో ఒకసారి తిరగబడి చివరకు హీటర్‌కు సరైన గుర్తే అందుతుంది. దిమ్మె చల్లగా ఉంటే హీటర్‌కు ప్లస్. మొత్తం ఏడు ఆప్-ఆంప్‌లు. టీఎల్074 చిప్పులో నాలుగుంటాయి కాబట్టి రెండు చిప్పులు పెడితే ఒకటి మిగులుతుంది. దాని పని తర్వాత చూద్దాం. హీటర్ ట్రాన్సిస్టర్‌ను నడిపేది విడిగా మరో ఆప్-ఆంప్.

టీఎల్074నే ఎందుకన్నది కూడా ఐ పాయే నిర్ణయిస్తుంది. పాత 741 ఇన్‌పుట్ కాలు మామూలుగా 80 నానోఆంపియర్ల కరెంటు పీలుస్తుంది. అది 8.2 మెగాఓమ్‌ల గుండా వచ్చిందంటే 0.66 వోల్టుల తప్పుడు తేడా. ముందున్న గెయిన్ 27తో భాగించినా దిమ్మె దాదాపు పావు డిగ్రీ పక్కకు జరిగి అక్కడే నమ్మకంగా నిలబడుతుంది. టీఎల్074 ఇన్‌పుట్‌లో ఫెట్ ఉంటుంది, అది పీల్చే కరెంటు పికోఆంపియర్లలో ఉంటుంది కనుక ఈ తప్పు కనపడనంతగా తగ్గిపోతుంది. అయితే ఇంత పెద్ద రెసిస్టర్ల పక్కన బోర్డు మీద టంకం వేసినప్పటి ఫ్లక్స్ మిగిలిపోయినా, వానాకాలం తేమ చేరినా అదే లీకేజి దారి అవుతుంది. ఆ భాగాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టడం తప్పనిసరి.

డి పాయకు కూడా ఒక కళ్లెం కావాలి. మారే వేగాన్ని కొలిచే సర్క్యూట్‌కు వేగంగా మారేదల్లా ముఖ్యమైనదిగానే కనిపిస్తుంది. ఇంటి కరెంటు నుంచి దూరే 50 హెర్ట్జ్ హమ్‌ను 10.3 సెకన్ల డి పాయ మూడు వేల రెట్లకు పైగా పెంచుతుంది. ఒక మిల్లీవోల్టు హమ్ మూడు వోల్టులై హీటర్‌ను కుదిపేస్తుంది. కెపాసిటర్‌కు వరసలో 220 కిలోఓమ్‌లు పెడితే, ఎంత వేగంగా మారే సిగ్నల్‌కైనా ఆ పాయ గెయిన్ పదిని దాటదు. నిమిషాల మీద మారే వేడిని చూడటంలో దాని చురుకు మాత్రం తగ్గదు.

ఇక గెయిన్లు. ఇందుకు ఇప్పటికీ ఎక్కువమంది పట్టుకునే దారి 1942లో వచ్చింది. అమెరికాలోని రోచెస్టర్‌లో టేలర్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీలో పనిచేసే జాన్ జీగ్లర్, నథానియెల్ నికోల్స్ ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. అప్పటి కంట్రోలర్లు గాలి ఒత్తిడితో నడిచేవి, ఆప్-ఆంప్‌లతో వాటికి సంబంధం లేదు. అయినా వాళ్ల సూత్రం యంత్రాన్ని పట్టించుకోదు: ఐ, డి రెండూ తీసేసి, పి ఒక్కదాన్నే పెంచుతూ పోయి, లూప్ సరిగ్గా ఊగడం మొదలెట్టిన చోటు పట్టుకో. ఆ గెయిన్‌నూ, ఒక ఊగుకు పట్టే సమయాన్నీ రాసుకో. మిగతావన్నీ వాటి నుంచే వస్తాయి.

దిమ్మె మీద అది ఇలా జరుగుతుంది. ఐ, డి పాయల జంపర్లు ఊడదీస్తారు. గెయిన్ 10 దగ్గర ఉంచి దిమ్మెను 49 దాకా రానిచ్చి స్థిరపడనిస్తారు. మల్టీమీటర్‌ను 200 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టి తేడా వోల్టేజిని చూస్తూ, గెయిన్ కొంచెం పెంచడం, సెట్ నాబ్‌ను రవ్వంత కదపడం, ఐదారు నిమిషాలు చూడటం. 20 దగ్గర అంకె ఒకసారి ఎగిరి సర్దుకుంటుంది. 35 దగ్గర నాలుగైదు ఊగులు ఊగి, ఒక్కోటీ ముందుదానికంటే చిన్నదవుతూ చచ్చిపోతుంది. 45 దగ్గర ఊగు పెరగదు, తగ్గదు. అంకె 20 మిల్లీవోల్టులు పైకీ కిందికీ, అంటే డిగ్రీలో ఐదో వంతు అటూ ఇటూ, 80 సెకన్లకు ఒకసారి తిరుగుతూ ఉంటుంది. సెన్సర్‌కు వేడి చేరడంలో ఉన్న 20 సెకన్ల ఆలస్యానికి ఇది నాలుగింతలు. ఇలాంటి నిదానపు దిమ్మెలన్నిటిలో ఊగు సమయం ఆలస్యానికి దాదాపు నాలుగింతలే ఉంటుంది కాబట్టి, కొలత సరైనదేనా అని సరిచూసుకోవడానికి ఈ పోలిక పనికొస్తుంది.

ఈ పరీక్షలో చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. హీటర్ సగటున 1.1 వోల్టుల దగ్గర నడుస్తోంది. ఊగు పెద్దదైతే కంట్రోల్ వోల్టేజి సున్నాను తాకి అక్కడే తెగిపోతుంది, ఎందుకంటే హీటర్ వేడి చేయగలదే గానీ చల్లబరచలేదు. అలా తెగిన ఊగు గెయిన్ ఎంత పెంచినా ఇంకా పెద్దగా కాకుండా నిలకడగానే కనిపిస్తుంది. దాన్ని చూసి 60ని అసలు హద్దు అని రాసుకుంటే, దాని మీద కట్టిన లెక్కలన్నీ తప్పుతాయి. కాబట్టి రెండో మీటరును కంట్రోల్ వోల్టేజి మీద పెట్టుకోవాలి. అది ఊగు అడుగున కూడా సున్నా కంటే పైనే ఉండాలి.

45, 80 అన్న రెండు అంకెలు చేతికొచ్చాక జీగ్లర్, నికోల్స్ చెప్పింది సులువు. పి గెయిన్ 45లో ఆరు పదోవంతులు: 27. ఐ సమయం 80లో సగం: 40 సెకన్లు. డి సమయం 80లో ఎనిమిదో వంతు: 10 సెకన్లు. పైన పెట్టిన రెసిస్టర్లు ఇక్కడి నుంచి వచ్చినవే.

ఈ అంకెలను తుదితీర్పుగా తీసుకోవడం మాత్రం ఈ దిమ్మెకు మంచిది కాదు. వాళ్లిద్దరూ కోరుకున్నది ప్రతి ఊగూ ముందుదానిలో నాలుగో వంతుకు తగ్గే నడవడి. అంటే మొదటి ఊగులో వేడి హద్దు దాటడం వాళ్లకు సమ్మతమే. ఇక్కడ దాటితే వెనక్కి రావడం కష్టం. దిమ్మె పూర్తి బలంతో నిమిషానికి పది డిగ్రీలు ఎక్కుతుంది. 50 దగ్గర హీటర్ పూర్తిగా ఆపేసినా నిమిషానికి ఒక డిగ్రీ మాత్రమే దిగుతుంది. కాబట్టి పి గెయిన్‌ను 15కు దించి, ఐ వైపు 8.2 మెగాఓమ్‌లు రెండు వరసలో పెట్టి సమయాన్ని 77 సెకన్లకు పెంచి, డిని 10 దగ్గరే ఉంచితే దిమ్మె నిబ్బరంగా నడుస్తుంది. సెట్ నాబ్‌ను ఒక డిగ్రీ కదిపినప్పుడు చిన్నగా ఒకసారి దాటి కుదురుకుంటుంది.

జంపర్లను తిరిగి పెట్టేటప్పుడు ఒక్కొక్కటిగా పెట్టడం మేలు. ముందు పి. తర్వాత ఐ. డి చివరిది. ఏది తేడా చేస్తోందో ఊగు సమయమే చెబుతుంది. 80 సెకన్ల దగ్గర గబగబా ఊగితే పి ఎక్కువైంది. నాలుగైదు నిమిషాలకొకసారి బద్ధకంగా ఊగితే ఐ సమయం మరీ తక్కువగా ఉంది. వేడి నిలకడగా ఉన్నా హీటర్ కరెంటు మీటరులో అంకెలు వణుకుతూ ఉంటే డి పాయ నాయిస్‌ను మోస్తోంది.

చల్లటి దిమ్మెకు స్విచ్ వేసినప్పుడు ఇంకో సంగతి బయటపడుతుంది. 30 నుంచి 50 ఎక్కడానికి రెండు నిమిషాలకు పైగా పడుతుంది. ఆ దారి పొడవునా తేడా పెద్దదే కాబట్టి గెయిన్ మెట్టు పది వోల్టుల దగ్గర ఇరుక్కుపోతుంది, ఐ కెపాసిటర్ నిండుతూనే ఉంటుంది. దిమ్మె 50కి చేరేసరికి దానికి కావలసింది 1.1 వోల్టులు, కెపాసిటర్‌లో ఉన్నది పది. ఆ మిగులు దిగాలంటే దిమ్మె యాభై దాటి చాలాసేపు పైన ఉండాల్సిందే. దీన్ని ఇంజనీర్లు వైండప్ అంటారు. గెయిన్లు మళ్లీ మళ్లీ మార్చినా ఇది తగ్గదు, ఎందుకంటే తప్పు గెయిన్లలో లేదు. మిగిలిన ఎనిమిదో ఆప్-ఆంప్ ఇక్కడ పనికొస్తుంది. అది తేడాను చూస్తూ, దిమ్మె యాభైకి ఇంకా మూడు డిగ్రీల దూరంలో ఉన్నంతసేపూ ఒక ట్రాన్సిస్టర్ ద్వారా చిన్న రీడ్ రిలేను పట్టి ఉంచుతుంది. రిలే కాంటాక్టులు 100 ఓమ్‌ల గుండా ఐ కెపాసిటర్‌ను ఖాళీగా ఉంచుతాయి. 47 దాటాక రిలే వదులుతుంది, ఐ అప్పుడు మొదలవుతుంది.

అన్నీ సరిగ్గా పెట్టినా వేడి నిలకడగా ఉంటూ, అసలు థర్మామీటరుతో చూస్తే అర డిగ్రీ తప్పు చూపిస్తోందంటే, అనుమానించాల్సింది గ్రౌండ్ వైరును. హీటర్ కరెంటు, సెన్సర్ గ్రౌండ్ ఒకే సన్నటి తీగ గుండా వెనక్కి పోతున్నాయనుకోండి. ఆ తీగ నిరోధం 0.05 ఓమ్‌లే అయినా, ఒక ఆంపియర్ పారినప్పుడు 50 మిల్లీవోల్టులు పుడతాయి. ఎల్‌ఎం35 భాషలో అది ఐదు డిగ్రీలు. 50 దగ్గర నిలబడినప్పుడు పారే 0.11 ఆంపియర్లకు అర డిగ్రీ. ఫ్యాను వేసినప్పుడు కరెంటుతో పాటు తప్పు కూడా మారుతుంది గనుక ఇది ఉందో లేదో ఇట్టే తేల్చుకోవచ్చు. హీటర్ గ్రౌండ్‌నూ సెన్సర్ గ్రౌండ్‌నూ విడివిడిగా తెచ్చి పవర్ సప్లై టెర్మినల్ దగ్గర మాత్రమే కలపాలి.

సెన్సర్ తీగ తెగిపోయే రోజు గురించి కూడా ముందే ఆలోచించాలి. అప్పుడు కంట్రోలర్‌కు దిమ్మె చల్లగా ఉన్నట్టు కనిపించి, పన్నెండు వాట్లనూ పంపుతూనే ఉంటుంది. లెక్క ప్రకారం ఈ దిమ్మె గది కంటే 180 డిగ్రీలు ఎక్కువకు పోగలదు, దానికంటే ముందే ట్రాన్సిస్టర్ మాడిపోతుంది. 12 వోల్టుల సరఫరాకు వరసలో ఒక థర్మల్ ఫ్యూజును పెట్టి, దాన్ని దిమ్మెకే ఆనించి బిగిస్తే, కంట్రోలర్‌కు మతిపోయినా కరెంటు తెగుతుంది.

గది వేడి విషయంలో కంట్రోలర్ చేయగలిగింది ఏమీ లేదు. ఇదే దిమ్మెను 37 డిగ్రీల దగ్గర ఉంచాలనుకుంటే శీతాకాలంలో హాయిగా నడుస్తుంది. మే నెలలో రెంటచింతలలో ఏసీ లేని గదిలో గాలే నలభై దాటి ఉంటే, హీటర్ సున్నా దగ్గర ఆగి చూస్తూ ఉంటుంది, గొట్టాలు గదితో పాటు వేడెక్కుతాయి. అక్కడ చల్లబరచగల పెల్టియర్ పలక కావాలి, దానికి కరెంటును రెండు వైపులా నడిపే వేరే డ్రైవర్ కావాలి.

చివరగా, పరీక్ష ఎప్పుడు చేయాలన్నది. ఖాళీ దిమ్మె మీద కుదిర్చిన గెయిన్లు గొట్టాలు పెట్టాక అలాగే ఉండవు. ఐదు మిల్లీలీటర్ల నీళ్లున్న గొట్టాలు రెండు పెడితేనే 42 జౌళ్లు అదనంగా చేరి, 72 కాస్తా 114 అవుతుంది. వోల్టుకు నిమిషానికి ఒక డిగ్రీ అన్నది మూడింట రెండు వంతుల కంటే కాస్త తగ్గుతుంది. చూసేవాళ్లకు విచిత్రంగా అనిపించేది దాని ఫలితం: దిమ్మె నిదానించింది కదా, ఊగు కూడా తగ్గాలి అనుకుంటాం. జరిగేది వేరు. పి బలం సరిపోక ఐ పెత్తనం పెరిగి, బద్ధకపు పొడవాటి ఊగు మొదలవుతుంది. గెయిన్ తగ్గించడం ఇక్కడ తప్పు మందు, దాన్ని 15 నుంచి 23 దాకా పెంచాలి. అందుకే 45నూ 80నూ వెతికే పరీక్షను గొట్టాల్లో నీళ్లు పోసి, మూత పెట్టి, రోజూ వాడే తీరులోనే దిమ్మెను ఉంచి చేయాలి.